కృష్ణ గట్టు నిలిచింది, సింగ్‌నగర్ ఎందుకు మునిగింది?

హైస్కూలు భూగోళశాస్త్రంలో వరదల పాఠం అయ్యాక సాధారణంగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: వరదలకు కారణాలు, నివారణ చర్యలు రాయండి. పిల్లలు రాసే జవాబూ తెలిసిందే. అధిక వర్షం, అడవుల నరికివేత, ఆక్రమణలు, పూడిక. ఈ నాలుగు మాటలు ఏ ఊరి వరదకైనా సరిపోతాయి. మార్కులూ పడతాయి. కానీ నీళ్లు ఎటు నుంచి వచ్చాయో, ఎందుకు వెళ్లలేదో ఆ జవాబు రాసిన విద్యార్థికి తెలియాల్సిన అవసరమే రాలేదు. వరదపై చర్చ పెట్టాలంటే పేరున్న ఏరు, తేదీ ఉన్న వాన, లెక్క ఉన్న ప్రవాహం కావాలి. తెలుగు పిల్లలకు అలాంటి ఉదాహరణ 2024 సెప్టెంబరు నాటి విజయవాడ.

మొదటి ప్రశ్న పటంతో మొదలవ్వాలి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. బ్యారేజీ చరిత్రలో అంత వరద ఎన్నడూ లేదు. అయినా నదిని ఆనుకుని ఉన్న కృష్ణలంకను రిటైనింగ్ వాల్ కాపాడింది. నదికి దూరంగా, నగరానికి ఉత్తరాన ఉన్న అజిత్‌సింగ్‌నగర్ మాత్రం రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. ఎందుకని అడిగితే క్లాసులో చాలామంది కృష్ణ పొంగిందనే అంటారు. పటంలో వేలు పెట్టి చూపించమంటే ఆ జవాబు అక్కడే ఆగిపోతుంది. మైలవరం వైపు కొండల్లో పుట్టి, నగరం ఉత్తరపు అంచు మీదుగా కొల్లేరుకు వెళ్లే బుడమేరు అప్పుడు కనిపిస్తుంది. విజయవాడ ఒక నది ఒడ్డున కాదు, పెద్ద నదికీ చిన్న ఏరుకీ నడుమ ఉందన్న సంగతి పిల్లలు తమంతట తాము పట్టుకోవాలి. టీచరు ముందే చెప్పేస్తే ఈ ప్రశ్నకు విలువ ఉండదు.

రెండో ప్రశ్నకు ఒక పీరియడ్ మొత్తం కేటాయించినా తప్పులేదు. బుడమేరు వరద నగరంలోకి రాకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, అక్కడి నుంచి నీటిని ఇబ్రహీంపట్నం వైపు మళ్లించి బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే డైవర్షన్ ఛానల్ తవ్వారు. దాని సామర్థ్యం సుమారు 15 వేల క్యూసెక్కులు. ఇప్పుడు పిల్లల్ని అడగాలి: 11 లక్షలు మోస్తున్న కృష్ణకు ఈ 15 వేలు ఏమంత బరువు? లెక్క వేస్తే ఒకటిన్నర శాతం కూడా కాదు. మరి ఎందుకు తీసుకోలేకపోయింది?

ఇక్కడ క్లాసు రెండుగా చీలుతుంది, చీలాలి కూడా. పరిమాణం చూసేవాళ్లు తీసుకోగలదంటారు. కానీ నీరు పరిమాణం చూసి కదలదు, మట్టం చూసి కదులుతుంది. కలిసే చోట కృష్ణ మట్టం ఛానల్ మట్టానికి దగ్గరగా పెరిగేకొద్దీ వాలు తగ్గుతుంది, వేగం పడిపోతుంది. పైనుంచి వస్తున్న నీరు ఛానల్‌లోనే నిలిచి ఎగదన్నుతుంది, కట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. ఆ రోజుల్లో ఛానల్ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి సైన్యం కూడా రావాల్సి వచ్చింది. చివరి గండి మూసేసరికి సెప్టెంబరు 7 అయింది. కాబట్టి మళ్లింపు కాలువను చూసి ‘ఎంత పడుతుంది’ అని అడిగితే చాలదు. అది కలిసే నది కూడా అదే రోజు పొంగితే ఎంత పడుతుందని అడగాలి. ఒకే వాయుగుండం కృష్ణా పరీవాహకం మీద, మైలవరం కొండల మీద ఒకేసారి కురిసినప్పుడు ఈ రెండు ప్రశ్నల జవాబులు పూర్తిగా వేరవుతాయి.

దీని పక్కనే చిన్న లెక్క పెట్టొచ్చు. వెలగలేరుకు వచ్చిన వరద సుమారు 35 వేల క్యూసెక్కులని అప్పట్లో చెప్పారు. ఛానల్ తన 15 వేలూ పూర్తిగా మోసిందనుకున్నా మిగిలేది 20 వేలు. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. అంటే ఒక్క రోజులో మిగులు 1.7 టీఎంసీలు, దాదాపు 4.9 కోట్ల ఘనపు మీటర్లు. ఇది 25 చదరపు కిలోమీటర్ల మీద కదలకుండా నిలిస్తే లోతు రెండు మీటర్లకు కాస్త తక్కువ. నిజానికి కొంత నీరు దిగువకు పోతూనే ఉంటుంది, ప్రవాహం రోజంతా ఒకేలా ఉండదు, నేలా సమంగా ఉండదు. ఆ తేడాలన్నీ పిల్లల చేతే చెప్పించాలి. అయినా మొదటి అంతస్తు దాకా నీళ్లు ఎలా వచ్చాయన్నది వాళ్లకిక వింతగా ఉండదు.

మూడో ప్రశ్న నగరం లోపలి డ్రైన్ల గురించి. డ్రైన్లను రెట్టింపు వెడల్పు చేసి ఉంటే సింగ్‌నగర్ మునిగేది కాదా? చాలామంది పెద్దలు కూడా అవుననే అంటారు. మామూలు వానకు అది నిజమే. కానీ డ్రైన్ చివర బుడమేరులో కలిసే చోట ఏటి మట్టం డ్రైన్ కంటే పైన ఉంటే, వెడల్పు డ్రైన్ ఏటి నీటిని వీధిలోకి తెచ్చే వెడల్పు దారి అవుతుంది. దీన్ని గుర్తుపట్టే ఆనవాలు ఉంది. వాన నీరైతే రోడ్డు మీద చేరి మ్యాన్‌హోల్‌లోకి దిగుతుంది. ఎగదన్నిన నీరైతే వాన ఆగాక కూడా మ్యాన్‌హోల్ నుంచి పైకి ఉబుకుతుంది. అలాంటి చోట కావాల్సింది బయటికి మాత్రమే తెరుచుకునే తలుపు, దానితో పాటు పంపులు. పంపులకూ హద్దుంది. చదరపు కిలోమీటరు మీద పది సెంటీమీటర్ల వాన పడితే లక్ష ఘనపు మీటర్లు. దాన్ని ఒక్క రోజులో తోడాలంటే సెకనుకు 1,160 లీటర్లు ఆగకుండా ఎత్తిపోయాలి. కట్ట తెగి ఏరే వీధిలోకి వచ్చాక ఏ పంపూ ఆ పని చేయలేదు.

వరద చూసిన బడుల్లో ఇంకో పని చేయించొచ్చు. గోడల మీద మిగిలిన నీటి చారలను టేపుతో కొలిపించాలి. ఒక ఇంటి గోడ మీద చార గుమ్మం నుంచి ఆరడుగులు, నాలుగిళ్ల అవతల నాలుగడుగులు ఉందనుకుందాం. మొదటి ఇంటి దగ్గర వరద పెద్దదా? పిల్లలు ముందు అవునంటారు. నిలిచిన నీటి పైమట్టం దగ్గర దగ్గరగా ఒకటే కాబట్టి, ఆ రెండడుగుల తేడా చూపేది మొదటి గుమ్మం అంత పల్లంలో ఉందని. ఇలా పది ఇళ్లు కొలిస్తే వీధి ఎత్తుపల్లాల పటం చేతికొస్తుంది. ఇల్లు మునిగిన పిల్లలు అదే క్లాసులో ఉంటే వాళ్లను సాక్షులుగా నిలబెట్టకూడదు. చెప్పాలనుకుంటే వాళ్లే చెబుతారు.

నాలుగో ప్రశ్నకు ఒకే జవాబు లేదు. వెలగలేరు గేట్లు ఎత్తితే నీరు పాత బుడమేరు దారిన నగరం వైపు వెళ్తుంది. ఎత్తకపోతే ఛానల్ కట్టల మీద భారం పడుతుంది, గండి ఎక్కడ పడుతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు. ఆగస్టు 31న గేట్లు ఎత్తారు. ఆ నిర్ణయం తప్పా ఒప్పా అన్నదానికంటే, గేటు ఎత్తడానికీ నీరు సింగ్‌నగర్ చేరడానికీ మధ్య ఉన్న గంటల్లో ఎవరికి ఏ మాట చేరాలి అన్న ప్రశ్నే నాకు ముఖ్యం. విద్యార్థుల్లో ఒకరు గేట్ల దగ్గరి ఇంజినీరు, ఒకరు వార్డు ఉద్యోగి, ఒకరు మంచం మీది ముసలివాళ్లున్న ఇంటి కోడలు అనుకుని ఆ గంటలను పంచుకుని మాట్లాడితే, హెచ్చరికలో ‘గేట్లు ఎత్తాం’ అన్న మాట ఎంత చాలదో బయటపడుతుంది. ఏ వీధికి, ఎన్ని గంటలకు, ఎంత లోతు అన్నది అందులో ఉండాలి.

ఇలాంటి ప్రశ్నలకు మార్కులు ఎలా వేస్తామని ఉపాధ్యాయులు అడగడం సబబే. నా సూచన సులువు. జవాబులో ఎన్ని కారణాలు రాశారని లెక్కపెట్టొద్దు. నీటి దారి గీసినందుకు రెండు మార్కులు, ఆ దారిలో నీరు ఆగిన చోటు గుర్తించినందుకు రెండు, ఎందుకు ఆగిందో మట్టంతో వివరించినందుకు మూడు, తన జవాబు ఏ పరిస్థితిలో తప్పవుతుందో రాసినందుకు మరో మూడు.