డబ్బానా, వయొలినా? మార్కుల బొమ్మ మీద నా గోల

ఆఫీసుల్లో లేటెన్సీ రిపోర్టు నుంచి అప్రైజల్ రేటింగుల దాకా దేనికైనా బాక్స్ ప్లాట్ గీసి పారేయడం మనకి అలవాటైపోయింది. ఆ అలవాటుతోనే పిల్లల మార్కులకి కూడా అదే గీస్తున్నాం. సికింద్రాబాద్ లో ఇప్పుడు కొన్ని జూనియర్ కాలేజీలు పేరెంట్స్ మీటింగులో సెక్షన్ల వారీగా మార్కుల బొమ్మలు చూపిస్తున్నాయి. సంతోషమే. కానీ మార్కుల విషయంలో బాక్స్ ప్లాట్ దాచేది ఎక్కువ, చెప్పేది తక్కువ అని నా గట్టి అభిప్రాయం. దాని బదులు వయొలిన్ పెడితే సరిపోతుందా అంటే, అదీ పూర్తిగా కాదు. ఎందుకో ఒక లెక్కతో చెప్తాను.

ఇరవై మంది చొప్పున రెండు సెక్షన్లు అనుకోండి. నేను కల్పించిన మార్కులే, నూటికి:

```python
a = [18,26,31,34,35,37,46,49,51,53,
     55,57,59,62,70,74,76,79,84,90]
b = [18,25,35,35,35,37,37,38,40,42,
     66,67,68,69,70,74,75,76,79,90]
```

బాక్స్ ప్లాట్ కి కావలసినవి అయిదే అంకెలు: కనిష్ఠం, కింది పావు, మధ్య విలువ, పై పావు, గరిష్ఠం. రెండు సెక్షన్లలోనూ కనిష్ఠం 18, గరిష్ఠం 90. పదో, పదకొండో మార్కుల సగటు 54. పావులు చేత్తో లెక్కేస్తే 36, 72. నంపై లో అయితే 36.5, 71. ఏ పద్ధతిలో చూసినా రెండు సెక్షన్లకీ ఒకటే. అంటే రెండు డబ్బాలూ అచ్చు కవలపిల్లలు.

కానీ క్లాసులో కూర్చున్న పిల్లలు వేరు. ఏ సెక్షన్లో మామూలుగా నడిమధ్య గుంపు ఉంది. బీ సెక్షన్లో 43 నుంచి 65 దాకా ఒక్కడు కూడా లేడు. సగం మంది గట్టెక్కితే చాలన్నట్టు 35 చుట్టూ, మిగతా సగం 70 చుట్టూ. ఆ 54 అనే మధ్య విలువ ఎవరికీ రాని మార్కు, దాని చుట్టుపక్కల కూడా ఎవరూ లేరు. ఏ సెక్షన్ కి పాఠం చెప్పినట్టు బీ సెక్షన్ కి చెప్తే సగం మందికి అర్థం కాదు, సగం మందికి ఆవలింతలొస్తాయి. ఈ ముక్క డబ్బా చూసి చెప్పగలిగిన మొనగాడు లేడు. పాపం జాన్ టూకీని తప్పు పట్టలేం. 1970ల్లో పెన్సిలుతో గబగబా గీసుకోడానికి ఆయన దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఇప్పుడు మన ఒళ్ళో ల్యాప్‌టాప్ ఉంది కదా!

సరే, వయొలిన్ గీద్దాం. హింట్జ్, నెల్సన్ అనే ఇద్దరు 1998లో దీనికి ఆ పేరు పెట్టారు. ప్రతి మార్కు దగ్గరా ఒక చిన్న గుట్ట పోసి, గుట్టలన్నీ కలిపి నున్నగా చేసిన గీత ఇది. దాన్ని అద్దంలో చూపినట్టు రెండు వైపులా గీస్తారు. గుట్ట ఎంత వెడల్పు ఉండాలన్నదే అసలు కిటుకు. సీబోర్న్ తనంతట తాను వాడే స్కాట్ సూత్రం ప్రకారం ఆ వెడల్పు, ప్రామాణిక విచలనాన్ని `n^(-1/5)` తో గుణిస్తే వచ్చేది. బీ సెక్షన్ కి విచలనం 21.3, ఇరవై మందికి ఆ గుణకం 0.55. అంటే దాదాపు 11.7 మార్కులు.

పన్నెండు మార్కుల వెడల్పున్న చీపురుతో ఊడిస్తే ఏం మిగుల్తుంది? రెండు బుడిపెలు కనిపిస్తాయి, అది మెచ్చుకోవాలి. కానీ 54 దగ్గర, అసలు ఎవరూ లేని చోట, వయొలిన్ నడుము కింది బుడిపె వెడల్పులో 70 శాతం ఉంటుంది! చూసినవాళ్ళు మధ్యలోనూ బోలెడు మంది ఉన్నారనుకుంటారు. పైగా సీబోర్న్ చివర్లలో గుట్ట వెడల్పుకి రెండింతలు బయటికి సాగదీస్తుంది. అందుకని మన వయొలిన్ మైనస్ అయిదు దగ్గర మొదలై 113 దగ్గర ఆగుతుంది. నూటికి నూట పదమూడు వచ్చే పిల్లలు కార్పొరేట్ కాలేజీ హోర్డింగుల మీద కూడా ఉండరు.

మందు చిన్నదే (సీబోర్న్ 0.13, ఆ తర్వాతి వాటిలో):

```python
sns.violinplot(data=[a, b], bw_adjust=0.3, cut=0)
```

ఇప్పుడు గుట్ట మూడున్నర మార్కులకి తగ్గి నడుము దారం అంత సన్నమవుతుంది. అయితే అదే 0.3 తో ఏ సెక్షన్ గీస్తే లేనిపోని గతుకులు వస్తాయి. ఇరవై మందితో ఏ వంపూ నమ్మదగ్గది కాదు. అంత చిన్న క్లాసుకి ఒక్కో విద్యార్థికీ ఒక చుక్క పెట్టడమే మేలు.

ఎక్కువ మంది ఉంటే వయొలిన్ బాగుపడుతుందా? దీనికి మన దగ్గరే ఒక గట్టి ఉదాహరణ ఉంది. 2021 డిసెంబరులో తెలంగాణ ఇంటర్ ఫస్టియర్ ఫలితాలు వచ్చాయి. 4.59 లక్షల మంది రాస్తే పాసైంది 2.24 లక్షల మంది, 49 శాతం. గొడవలయ్యాయి. కొద్ది రోజుల్లోనే ప్రభుత్వం తప్పినవాళ్ళందరికీ కనీస మార్కులు, అంటే నూటికి 35, ఇచ్చి పాస్ చేసింది. అది మంచిదా కాదా అన్న చర్చ వేరే. ఆ మార్కులని బొమ్మ గీస్తే ఏమవుతుందో చూడండి.

ఒక వంద మార్కుల పేపర్లో 30 శాతం మంది తప్పారనుకుందాం (సబ్జెక్టు వారీ లెక్క నేను ఊహిస్తున్నదే). అందరినీ 35కి లేపాక కనిష్ఠం 35, కింది పావు కూడా 35. బాక్స్ ప్లాట్ కి కింది మీసం ఊడిపోతుంది. ఈ ఒక్కచోట డబ్బాని మెచ్చుకుంటాను: మీసం లేని డబ్బా కనిపిస్తే కనీసం పావు వంతు మంది ఒకే మార్కు మీద కూర్చున్నారని తెలిసినవాడు పట్టేస్తాడు. కాకపోతే ఆ కూర్చున్నది 26 శాతమా, 45 శాతమా అన్నది చెప్పదు.

వయొలిన్ ఏం చేస్తుంది? వెయ్యి మంది, విచలనం 20 అనుకుంటే గుట్ట వెడల్పు 5 మార్కులు. 35 మీద నిట్టనిలువుగా ఉండాల్సిన స్తంభాన్ని అది 25 నుంచి 45 దాకా పరిచేస్తుంది. 30 మార్కులొచ్చిన వాళ్ళు ఒక్కరూ లేరు, బొమ్మలో మాత్రం ఉన్నారు. `cut=0` పెడితే 35 కింద భాగం కత్తిరిస్తుంది గానీ పై సగం అలాగే ఉంటుంది. దాంతో నలభై దగ్గర మంచి బలగం ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక లెక్చరరు అది చూసి "ఫర్వాలేదే, మనవాళ్ళు గీత దాటి పైకొచ్చారు" అనుకుంటే? వాళ్ళలో చాలామంది నిజంగా తెచ్చుకున్నది పది, పదిహేను అయుండొచ్చు. సెకండియర్ పాఠం వాళ్ళని ఎక్కడ వదిలేస్తుందో ఆ బొమ్మ చెప్పలేదు.

అసలు కారణం ఏంటంటే, మార్కులు పూర్ణాంకాలు, వాటి మధ్యలో 35 అనే గోడ ఉంది. గోడకి అటూ ఇటూ మనుషులే తోస్తారు: 33, 34 దగ్గర పేపరు దిద్దేవాళ్ళ జాలి, పైనుంచి వచ్చే గ్రేస్ మార్కులు. నున్నగా చేసే ఏ గీతయినా ముందు ఆ గోడనే కూలుస్తుంది.

అందుకే నా మటుకు నేను వెయ్యి మంది దాటితే ఒక్కో మార్కుకి ఒక్కో కడ్డీ, 0 నుంచి 100 దాకా 101 కడ్డీలు గీస్తాను. పది మార్కుల బిన్లు వద్దు, ఎందుకంటే 30-39 అనే బిన్ లో 34, 35 ఒకే గదిలో పడుకుంటాయి. పక్కపక్కన ఇరవై కాలేజీలని పోల్చాలంటే కడ్డీలకి చోటుండదు, అప్పుడు `cut=0` తో వయొలిన్ పెట్టి, 35 దగ్గర ఒక గీత కొట్టి, సరిగ్గా 35 వచ్చినవాళ్ళు ఎంత శాతమో పక్కనే అంకెగా రాస్తాను. డబ్బా ఒక్కటే పెట్టి మీటింగులో చూపిస్తే మాత్రం, "సార్, కడ్డీల బొమ్మ ఉందా?" అని అడగండి. డేటా వాళ్ళ దగ్గర ఎక్సెల్ లో ఉండే ఉంటుంది, `COUNTIF` తో పది నిమిషాల పని.