విద్యార్థి వేతనం ఎక్కడ ఆగినది?

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఖరగ్‌పూరు వర్కుషాపులోను, యార్డులోను, తపాలా కార్యాలయాలలోను పనిచేయుచు ఇక్కడనే స్థిరపడిన తెలుగు కుటుంబాల నుండి ఈ మధ్య మా కార్యాలయానికి వచ్చే విన్నపాలలో ఒకటి తరచుగా కనిపిస్తున్నది. కళాశాలలో చదివే కుమారునికో, కుమార్తెకో మంజూరైన స్కాలర్‌షిప్పు బ్యాంకులో పడలేదు; బ్యాంకువారు తమకేమీ రాలేదంటున్నారు; కళాశాలవారు తాము చేయవలసినది చేశామంటున్నారు. ఇద్దరూ చెప్పేది నిజమే కావచ్చును. అయినను డబ్బు మాత్రం చేతికి రాదు. ఈ చిక్కు ఎక్కడ పడుతున్నదో, దానిని ఎట్లు విప్పవలెనో ఈ సంచికలో వివరింపదలచితిమి.

మనీఆర్డరు కాలంలో మన తపాలా సోదరులకు ఈ పని బాగా తెలుసు. ఏ కార్యాలయంలో, ఏ తేదీన, ఏ నంబరుతో కట్టారో తెలిస్తే, అది చివరిసారిగా ఏ కార్యాలయం లెక్కలో కనిపించినదో వెదికేవారు. యార్డులో వ్యాగను జాడ తీసే పద్ధతీ అదే. నేడు ప్రత్యక్ష నగదు బదిలీ పేరిట జరిగే చెల్లింపును కూడ ఇట్లే వెదకవలెను. ఈ పద్ధతి 2013 జనవరిలో దేశంలో కొన్ని జిల్లాలలో ప్రారంభమైనది. తూర్పుగోదావరి జిల్లా గొల్లప్రోలులో ఆ నెలలోనే దానిని ప్రారంభించిన సంగతి చాలామందికి జ్ఞాపకముండవచ్చును. నాటికిని నేటికిని తేడా ఒక్కటే: వెనుక గుమస్తా చేతిలో ఉండే రిజిస్టరు నేడు మూడు వేర్వేరు తెరలపై చీలిపోయినది. ఒక్క తెర చూచి తీర్మానానికి వచ్చినవారు పొరపాటు పడుతున్నారు.

ఒక ఉదాహరణ తీసుకొందము. ఖరగ్‌పూరు పొలిమేరలోని ఒక శాఖా తపాలా కార్యాలయంలో పనిచేసే గ్రామీణ డాక్ సేవకుని కుమార్తె పన్నెండవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొని, కళాశాల విద్యార్థులకు కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ ఇచ్చే స్కాలర్‌షిప్పునకు ఎంపికైనదనుకొందము. దేశమంతటికీ ఏటా 82,000 మందికి కొత్తగా ఇచ్చే ఈ వేతనం డిగ్రీ చదువులో సంవత్సరానికి 12,000 రూపాయలు. తల్లిదండ్రుల వార్షికాదాయం నాలుగున్నర లక్షలు మించరాదు కనుక రైల్వేలో పై గ్రేడులవారి పిల్లలకు ఇది వర్తించదు. డాక్ సేవకులకు, కాంట్రాక్టు కార్మికులకు మాత్రం ఇది పెద్ద ఆసరా. ఈ అమ్మాయి దరఖాస్తులో, కళాశాలలో చేరినప్పుడు తెరచిన కొత్త ఖాతా నంబరు వ్రాసినది. పాస్‌బుక్కుపై ఆధార్ జతచేసినట్లు ముద్ర కూడ ఉన్నది. నెలలు గడిచినవి. డబ్బు రాలేదు.

మొదటి తెర scholarships.gov.in. ఇది దరఖాస్తు జాడ మాత్రమే తెలుపును. దరఖాస్తును మొదట కళాశాల, తరువాత పై స్థాయి అధికారి పరిశీలించి ఆమోదించవలెను. కళాశాల పరిశీలన దగ్గరనే ఆగియుంటే బ్యాంకుకు పోవుట వృథా. కళాశాలలో ఈ పని చూచే నోడల్ అధికారిని అడగవలెను. లోపము గలదని త్రిప్పి పంపినట్లు Defect అనే మాట కనిపిస్తే అది తిరస్కారం కాదు. గడువులోగా సవరించి మరల సమర్పించవలెనని దాని అర్థం. Reject అని ఉంటే మాత్రం ఆ ఏటికి ఆ దరఖాస్తు ముగిసినట్లే. రెండవ ఏడాది నుండి పునరుద్ధరణ దరఖాస్తు పెట్టుకొనవలెను. అందుకు 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండవలెను. దరఖాస్తు పెట్టకుండనే డబ్బు కోసం ఎదురుచూచేవారు కూడ ఉన్నారు. మన ఉదాహరణలోని అమ్మాయికి రెండు స్థాయిలలోను ఆమోదం లభించినది. కావున ఇక్కడ చిక్కు లేదు.

రెండవ తెర pfms.nic.in. ఇది ప్రభుత్వ ఖజానా చెల్లింపుల లెక్క. అందులో DBT Status Tracker అనే చోట దరఖాస్తు సంఖ్య ఇచ్చి చూడవలెను. ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు గలవు: లబ్ధిదారుని వివరాలు సరిచూచుట ఒకటి, చెల్లింపు మరొకటి. వివరాలు సరిపోయినవన్నంత మాత్రాన డబ్బు బయలుదేరినదని కాదు. చెల్లింపు క్రింద ఏమీ కనిపించకుంటే మంత్రిత్వ శాఖ నుండి ఉత్తరువే వెలువడలేదని గ్రహించవలెను. అప్పుడు ఏ బ్యాంకు మేనేజరూ చేయగలిగినది లేదు. చెల్లింపు సఫలమని ఉంటే డబ్బు ఏదో ఒక ఖాతాలో పడినట్లే. అది ఏ ఖాతా అన్నదే మిగిలిన ప్రశ్న. విఫలమని ఉంటే పక్కన కారణం ఉండును. మన ఉదాహరణలో అక్కడ కనిపించిన మాటలు ఇవి: Documents Pending for Account Holder turning Major. అనగా, ఖాతాదారు మేజరైనను అందుకు సంబంధించిన పత్రాలు బ్యాంకుకు ఇంకను అందలేదని భావం.

ఇక్కడనే ఆ తండ్రీకూతుళ్ళు నిర్ఘాంతపోవుదురు. కొత్త ఖాతా ఆమె పద్దెనిమిదేండ్లు నిండిన తరువాతనే తెరచినది కదా! మేజరు కావలసిన ఖాతా ఏది?

దీనికి సమాధానం మూడవ తెరపై ఉన్నది. myaadhaar.uidai.gov.in లో ఆధార్ నంబరుతోను, ఫోనుకు వచ్చే సంకేత సంఖ్యతోను ప్రవేశించి Bank Seeding Status చూచినచో ఒక బ్యాంకు పేరు కనిపించును. ఆ అమ్మాయికి కనిపించినది కొత్త బ్యాంకు కాదు. తొమ్మిదవ తరగతిలో జాతీయ ప్రతిభా వేతనం కోసం తండ్రి సంరక్షకుడుగా తెరచిన పాత బ్యాంకు. పక్కన Active అనియు ఉన్నది.

సోదరులు బాగా గమనింపవలసిన విషయం ఇది. ఆధార్ మార్గంలో జరిగే చెల్లింపు దరఖాస్తులో వ్రాసిన ఖాతా నంబరును చూచి నడవదు. జాతీయ చెల్లింపుల సంస్థ వద్ద ఒక పట్టిక ఉన్నది. అందులో ఒక ఆధార్ నంబరునకు ఎదురుగా ఒకే బ్యాంకు పేరు ఉండును. ఎవరి పేరు చివరగా చేర్చబడినదో ఆ బ్యాంకుకే డబ్బు పోవును. పాస్‌బుక్కుపై ఆధార్ ముద్ర ఉండుట ఖాతాదారుని గుర్తింపు నిమిత్తం; అది పట్టికలో చేరుట కాదు. పట్టికలో చేర్చుటకు విడిగా సమ్మతి పత్రం ఇవ్వవలెను. ఈ రెండింటినీ ఒకటిగా భావించుటయే చిక్కులలో అధిక భాగానికి మూలం.

ఈ పట్టిక ఎంత బలమైనదో దేశం ఒకసారి చూచినది. 2017లో ఎయిర్‌టెల్ చందాదారులు పలువురికి తమకు తెలియకుండనే ఆ సంస్థ పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు ఏర్పడి, వంటగ్యాసు రాయితీ పాత బ్యాంకును విడిచి అక్కడికి మళ్ళినది. ఆ ఏడాది డిసెంబరులో ఆధార్ సంస్థ ఆ కంపెనీకి ఆధార్ ద్వారా గుర్తింపు చేసే అనుమతిని నిలిపివేసినది. మళ్ళిన సొమ్ము 190 కోట్ల వరకు తిరిగి ఇవ్వవలసివచ్చినది. సిమ్ము కొనునప్పుడో, ఇంటికి వచ్చిన ఏజెంటు వద్దనో వ్రేలిముద్ర వేసినవారు నేటికీ ఈ తెర ఒకసారి చూచుకొనుట మంచిది.

ఇక పరిష్కారం. ఆ కుటుంబానికి రెండు దారులున్నవి. పాత బ్యాంకుకు పోయి, గుర్తింపు పత్రాలు, ఫోటో, కొత్త సంతకం ఇచ్చి ఖాతాను మేజరు ఖాతాగా మార్పించుకొనుట ఒకటి. కొత్త బ్యాంకులో సమ్మతి పత్రమిచ్చి, అందులో పాత బ్యాంకు పేరు వ్రాసి, పట్టికలో పేరు మార్పించుకొనుట రెండవది. ఆమె నిత్యం వాడుకొనేది కొత్త ఖాతాయే గనుక రెండవ దారి మేలు. పత్రమిచ్చి తేదీతో రశీదు తీసుకొని, కొన్ని దినాలకు మూడవ తెరను మరల చూడవలెను. అక్కడ కొత్త బ్యాంకు పేరు వచ్చువరకు పని ముగియలేదనియే తలచవలెను. ఇండియా పోస్టు పేమెంట్స్ బ్యాంకు ఖాతానే పట్టికలో చేర్చుకొనుట కూడ సాధ్యమే. ఈ పనిలో మన తపాలా సోదరులు పొరుగువారికి స్వయంగా సాయపడగలరు.

ఇంతటితో డబ్బు వచ్చితీరునని చెప్పజాలము. విఫలమైన సొమ్ము దారిలో ఎక్కడా నిలిచియుండదు. పంపిన శాఖకే తిరిగిపోవును. శాఖ మరల ఉత్తరువు పంపవలెను. కావున సవరణ జరిగిన వెంటనే దరఖాస్తు సంఖ్య, విఫలమైన తేదీ, కారణం, కొత్త బ్యాంకు పేరు నాలుగూ ఒకే కాగితంపై వ్రాసి కళాశాల నోడల్ అధికారికి ఇచ్చి, నకలుపై సంతకం తీసుకొనవలెను. జవాబు రాకున్నచో pgportal.gov.in లో ఫిర్యాదు చేయవచ్చును. లేదా పది రూపాయల రుసుముతో సమాచార హక్కు క్రింద అడగవచ్చును, ముప్పది దినాలలో సమాధానమివ్వవలెను. బ్యాంకు సమ్మతి పత్రాన్ని మూలపడవేసి, వ్రాతపూర్వక ఫిర్యాదుకు ముప్పది దినాలు దాటినను పలుకకున్నచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. ఈ తెరలు చూచుటకు రుసుము లేదు. చూపిస్తామని ఫోనుకు వచ్చిన సంకేత సంఖ్య అడిగేవారికి దానిని చెప్పరాదు.

రాష్ట్ర ప్రభుత్వపు వేతనాలకు, ఉదాహరణకు ఓయాసిస్ ద్వారా వచ్చే వాటికి, దరఖాస్తు తెర వేరు. అయినను వెదకే క్రమం ఇదే: దరఖాస్తు ఆమోదం పొందినదా, చెల్లింపు ఉత్తరువు వెలువడినదా, డబ్బు ఏ బ్యాంకును వెదకుకొనుచు పోయినది.

ప్రభుత్వాన్ని మేము కోరేది రెండు విషయాలు. చెల్లింపు విఫలమైన దినమే ఆ కారణం విద్యార్థికి తన భాషలో ఫోను సందేశంగా అందవలెను. ఆంగ్లంలో ఒక వాక్యం ఒక తెర మూలన పడియుండుట తెలియజేయుట అనిపించుకొనదు. పట్టికలో బ్యాంకు మారినంతనే విఫలమైన చెల్లింపు, మరెవ్వరూ అర్జీ పెట్టనక్కరలేకుండ, మరల పంపబడవలెను. కూలి ఆలస్యమైతే యజమానిని నిలదీయు హక్కు కార్మికునకు ఉన్నది. విద్యార్థి వేతనం విషయంలో నిలదీయవలసిన చోటు ఏదో కూడ పేదవానికి తెలియకుండ చేయుట న్యాయం కాదు. ఈ రెండు కోర్కెలను మా సమాఖ్య వ్రాతమూలకంగా పంపబోవుచున్నది. అందుకు ఆధారం కావలెను గనుక, విఫలమైన చెల్లింపుల తేదీలను, తెరపై కనిపించిన కారణాలను శాఖలు వెంటనే వ్రాసి పంపవలెనని కోరుచున్నాము. ఆధార్ నంబర్లు మాత్రం వ్రాయవద్దు.