సారాంశంలో విభక్తులు ఎందుకు మాయమవుతున్నవి?

పరిశోధనా వ్యాసాల సారాంశాలలో విభక్తులను విడిచి, నామవాచకాలను ఒకదాని వెంట ఒకటి పేర్చే పద్ధతి స్థిరపడిపోయినది. పదాల పరిమితియే ఇందుకు కారణమని రచయితలు చెబుతుంటారు. తెలుగులో ఈ సాకు చాలావరకు చెల్లదు. ప్రత్యయం పదానికే అంటుకొని ఉంటుంది గనుక, ‘వరి’ ఎట్లా ఒక పదమో ‘వరికి’ కూడా అట్లాగే ఒక పదము.

ఉదాహరణకు ఒక సారాంశం ఈ విధంగా ఆరంభమయినదనుకొందము: ‘వరి జింకు లోప నివారణ 2 శాతం యూరియా జింకు సల్ఫేటు ద్రావణ పిచికారీ దిగుబడి ప్రభావ పరిశీలన’. ఇందులో ‘2 శాతం’ అనే విశేషణం దేనికి చెందినది? యూరియాకు మాత్రమే అనుకొంటే జింకు సల్ఫేటు మోతాదు చెప్పనే లేదు. రెండింటికీ అనుకొంటే లీటరు నీటికి 20 గ్రాముల జింకు సల్ఫేటు కలపవలసి వస్తుంది. నిలిచి ఉన్న వరిపైరుకు సాధారణంగా సిఫారసు చేసేది లీటరుకు 2 గ్రాములు. దానికి పది రెట్ల గాఢతతో పిచికారీ చేస్తే ఆకులు మాడిపోతాయి. పూర్తి వ్యాసం చదివే తీరిక లేని విస్తరణ అధికారికి సారాంశమే ఆధారమని మరువరాదు.

ఇటువంటి పదబంధాన్ని విడదీయుటకు వ్యాకరణంలోని విగ్రహవాక్యమే తగిన సాధనము. చివరి పదం నుండి వెనుకకు నడవాలి. పరిశీలన దేనిని? ప్రభావాన్ని. ప్రభావం దేనిపై? దిగుబడిపై. దేని వలన? పిచికారీ వలన. పిచికారీ చేసినది ఏమిటి? ద్రావణాన్ని. అందులో ఏది ఎంత? ఇక్కడ నడక ఆగిపోతుంది. ఆగిన చోటనే దోషమున్నది. జవాబులను విభక్తులతో కూర్చగా వాక్యం ఇట్లా తేలుతుంది: ‘వరిలో జింకు లోపాన్ని సవరించుటకు లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటును, 20 గ్రాముల యూరియాను కలిపి పిచికారీ చేసి, దిగుబడిపై దాని ప్రభావాన్ని పరిశీలించడమైనది’. కొన్ని పదాలు పెరిగిన మాట నిజమే. అవి మోతాదు చెప్పిన పదాలు.

క్రియాజన్య విశేషణాలతో చిక్కు మరింత సూక్ష్మమైనది. ‘తెగులు సోకిన మొక్కల విత్తనాలు’ అన్నప్పుడు తెగులు మొక్కలకా, విత్తనాలకా? మొదటిది ఉద్దేశమైతే ‘తెగులు సోకిన మొక్కల నుండి సేకరించిన విత్తనాలు’ అనాలి. రెండవదైతే ‘మొక్కల నుండి సేకరించిన విత్తనాలలో తెగులు సోకినవి’ అనాలి. ఈ రెండు నమూనాలపై జరిపిన మొలక పరీక్షల ఫలితాలను ఒకే గాటన కట్టలేము.

అట్లని ప్రతి సమాసాన్నీ విడగొట్టనక్కరలేదు. ‘సమగ్ర సస్యరక్షణ’ వంటివి అందరికీ ఒకే అర్థమిచ్చే పారిభాషిక పదాలు. వాటిని విప్పితే చదువరికి విసుగే మిగులుతుంది. అనుమానం వచ్చిన చోట సారాంశాన్ని వేరే విభాగపు సహోద్యోగి చేతికిచ్చి విగ్రహవాక్యం చెప్పమనడం మేలు. ప్రయోగాన్ని స్వయంగా చేసిన రచయితకు రెండవ అర్థం సామాన్యంగా కనబడదు.