అచ్చుగుద్దినట్టు తిరిగొస్తే అనుమానించండి

ఇంగ్లిష్‌లో తయారైన సర్వే ప్రశ్నావళిని ఫ్రెంచ్‌లోకి మార్పించాక, ఫ్రెంచ్ రాని నిర్వాహకుడు దాన్ని సరిచూసుకునేదెలా? ఇందుకు బాగా వాడుకలో ఉన్న పద్ధతి బ్యాక్ ట్రాన్స్‌లేషన్. 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ రాసిన వ్యాసం దీనికి పేరు తెచ్చింది. ఒకరు ఫ్రెంచ్‌లోకి మారుస్తారు. మూలాన్ని చూడని మరొకరు ఆ ఫ్రెంచ్‌ని మళ్ళీ ఇంగ్లిష్‌లోకి తెస్తారు. రెండు ఇంగ్లిష్ ప్రతులనూ పక్కపక్కన పెట్టి తేడాలు వెతుకుతారు.

కొన్ని తప్పులు దీనికి బాగానే దొరుకుతాయి. ‘ఇన్ ద పాస్ట్ వీక్’ డాక్టర్ దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళారన్నది ప్రశ్న అనుకుందాం. అడిగేవారి ఉద్దేశం గడిచిన 7 రోజులు. ఫ్రెంచ్‌లో ‘లా సెమెన్ దెర్నియెర్’ అని రాశారు. తిరుగు ప్రతిలో ‘లాస్ట్ వీక్’ అని వచ్చింది. ఇంతేగా అని వదిలేస్తే నష్టమే. గురువారం నాడు ఈ ప్రశ్న అడిగితే చాలామంది పోయిన సోమవారం నుంచి ఆదివారం దాకా లెక్కేస్తారు. నిన్న డాక్టర్ దగ్గరికి వెళ్ళింది లెక్కలోకే రాదు. ‘గడిచిన 7 రోజుల్లో’ అని అంకె వేసి రాస్తే చిక్కు తీరుతుంది.

తేడా కనిపించని చోటే నాకు ఎక్కువ భయం. ‘కాలేజీలో చదివారా?’ అన్న ప్రశ్నను అనువాదకుడు ‘కొలేజ్’ అని రాశాడనుకోండి. తిరుగు ప్రతిలో మళ్ళీ ‘కాలేజ్’ అనే వస్తుంది. అందరూ సంతోషిస్తారు. కానీ ఫ్రాన్స్‌లో కొలేజ్ అంటే సుమారు 11 నుంచి 15 ఏళ్ళ పిల్లలు చదివే నాలుగేళ్ళ బడి. దాదాపు ప్రతివాళ్ళూ ‘చదివాం’ అంటారు. కెనడాలోని క్యుబెక్‌లో అదే మాటను హైస్కూల్ తర్వాతి సెజెప్ చదువుకూ వాడతారు. ఒకే కాగితం పారిస్‌లో ఒకటి అడుగుతుంది, మాంట్రియల్‌లో మరొకటి.

ఇక ‘ఉన్నత విద్య’ అని అర్థం వచ్చేలా ఫ్రెంచ్‌లో సరిగ్గా రాసిన అనువాదకుడి వాక్యం ‘హయ్యర్ ఎడ్యుకేషన్’గా తిరిగొచ్చి ఎర్ర గీత పాలవుతుంది. మాటకు మాట దించినవాడు గట్టెక్కుతాడు! రెండో అనువాదకుడు తెలివైనవాడైతే ఇంకో తంటా. మూలంలో ఏముండి ఉంటుందో ఊహించి, ఫ్రెంచ్‌లోని తప్పును తనే దిద్దేస్తాడు. అందుకే ‘బాగుచేయకు, ఉన్నదున్నట్టు తే’ అని అతనికి ముందే చెప్పాలి.

కొలేజ్ లాంటి తప్పు బయటపడేది మనుషుల్ని అడిగినప్పుడే. కొద్దిమందికి ప్రశ్న వేసి, ‘జవాబు చెప్పేటప్పుడు ఏ బడిని లెక్కేశారు? అక్కడ మానేసేనాటికి మీ వయసెంత?’ అని ఆరా తీస్తే చాలు. యూరోపియన్ సోషల్ సర్వే తన అనువాదాల విషయంలో తిరుగు ప్రతిని నమ్ముకోలేదు. ఇద్దరు విడివిడిగా అనువదించి, నిపుణులతో కూర్చుని చర్చించి, ఆపై జనం మీద పరీక్షించమంటుంది. మీ దగ్గర ఒక్కదానికే డబ్బుంటే, తిరుగు ప్రతి మానేసి ఆ పరీక్షకే ఖర్చుపెట్టండి.