మార్కుల జాబితా ఒక్కటే చాలదు

వివాహమై ఊరు మారిన అమ్మాయికి, తండ్రి ఉపాధి వెంట తరలిపోయిన అబ్బాయికి మధ్యలో ఆగిన డిగ్రీని మళ్లీ మొదటి సెమిస్టర్ నుంచి చదవమంటే, మన ఇళ్లలో చాలాసార్లు ఆ చదువు అంతటితో ముగిసిపోతుంది. అందుకే పాత క్రెడిట్ల గుర్తింపు కేవలం కార్యాలయ వ్యవహారం కాదు.

2021లో యూజీసీ తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు క్రెడిట్లను ఏడేళ్ల వరకు నిల్వ ఉంచుకోనిస్తున్నాయి. డిగ్రీ ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలన్నది అందులోని షరతు. అయితే ఖాతాలో క్రెడిట్ ఉన్నంత మాత్రాన కొత్త విశ్వవిద్యాలయం దానిని తన కోర్సుకు సమానమని ఒప్పుకున్నట్టు కాదు. ఆ సంగతి తేల్చేది పాఠ్యప్రణాళికల పోలిక.

నాకు తెలిసిన ఒక విద్యార్థిని కడపలో బీకాం రెండు సెమిస్టర్లు చదివి, పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చింది. తొలి దరఖాస్తుకు ట్రాన్‌స్క్రిప్టు మాత్రమే జతచేసింది. సమానత్వం నిరూపణ కాలేదని ఒక్క వాక్యంలో తిరస్కరించారు. ట్రాన్‌స్క్రిప్టు ఎన్ని మార్కులు వచ్చాయో చెబుతుంది గాని, ఏమి బోధించారో చెప్పదు.

రెండోసారి ఆమె తాను చదివిన ఏడాది నాటి సిలబస్‌ను ప్రిన్సిపాల్ ధ్రువీకరణతో తెచ్చింది. ఇప్పటి సిలబస్ పెట్టి ఉంటే మారిన అంశాల దగ్గర దరఖాస్తు నిలిచిపోయేది. ప్రతి పేపరుకూ ఎదురుగా కొత్త విశ్వవిద్యాలయపు పేపరు, క్రెడిట్లు, బోధన గంటలు, యూనిట్లు పట్టికగా రాసింది. ఒక క్రెడిట్ అంటే 15 గంటల తరగతి బోధన. 4 క్రెడిట్ల పేపరుకు 60 గంటలు. గణాంకశాస్త్రంలో అయిదు యూనిట్లలో నాలుగు కలిశాయి. అయిదోది తాను చదవలేదని దాచకుండా రాసి, ఆ ఒక్క యూనిట్‌కు పరీక్ష రాస్తానని కోరింది. ఆ పేపరు అలా గట్టెక్కింది. కంప్యూటర్ పేపరులో మాత్రం ప్రయోగశాల గంటలు సగమే ఉన్నందున దానిని మళ్లీ చదవవలసి వచ్చింది. అది న్యాయమైన నిర్ణయమే, ఎందుకంటే కారణం చెప్పారు.

నా అభ్యంతరం తిరస్కరణ మీద కాదు, కారణం చెప్పని తిరస్కరణ మీద. ఏ యూనిట్ కలవలేదో, ఎన్ని గంటలు తక్కువయ్యాయో తెలిస్తే విద్యార్థి ఆ లోటు పూడ్చుకోగలదు. తెలియకపోతే ఏడాది కోల్పోతుంది. కాబట్టి ప్రతి పేపరుకూ విడివిడిగా, లిఖితపూర్వకంగా, సెమిస్టర్ తరగతులు మొదలుకాకముందే నిర్ణయం చెప్పడం విశ్వవిద్యాలయాల విధి కావాలి. అంతవరకు ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే తన దరఖాస్తుపై అధికారులు రాసిన అభిప్రాయాలను సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

తల్లిదండ్రులు చేయవలసిన పని ఒకటుంది. కళాశాల విడిచే రోజున టీసీతో పాటు, చదివిన ప్రతి పేపరు సిలబస్‌నూ ముద్ర వేయించి తెచ్చుకోండి. అప్పుడు అది ఒక పూట పని. రెండేళ్ల తర్వాత వేరే ఊరి నుంచి దానికోసం తిరగడం చాలా కష్టం.