రిట్ వేసేముందు మూడు ప్రశ్నలు

ఇండియాలోని ప్రభుత్వ కార్యాలయంతో మనవాళ్లకు చిక్కు వచ్చిందంటే రెండు రకాల సలహాలు వస్తాయి. ‘నేరుగా హైకోర్టులో రిట్ వేసేయండి’ అని ఒకరంటారు. ‘అప్పీలు ఉండగా రిట్ చెల్లదు’ అని ఇంకొకరంటారు. హైదరాబాదులో కొన్నేళ్లు లా విద్యార్థులకు పాఠం చెప్పి, వాళ్ల జవాబు పత్రాలు దిద్దినవాడిగా నా అభిప్రాయం ఒక్కటే. ఈ రెండు సలహాలూ సగం తెలిసిన మాటలు. రెండింటివల్లా నష్టపోయేది దూరదేశంలో ఉన్న మనమే.

పరీక్షలో ఇచ్చే ప్రశ్న లాంటిదే ఒకటి తీసుకుందాం. హ్యూస్టన్‌లో హెచ్1బీ వీసాపై పనిచేస్తున్న ఓ తెలుగు యువకుడు భారత పౌరుడు. భార్య ఫిర్యాదుపై హైదరాబాదు కోర్టులో అతనిపై క్రిమినల్ కేసు నడుస్తోంది. ఆ కారణం ఒక్కటీ చూపి హైదరాబాదు పాస్‌పోర్టు అధికారి అతని పాస్‌పోర్టును ఇంపౌండ్ చేశారు. ముందు నోటీసు లేదు, సంజాయిషీ అడగలేదు. అప్పీలు చేయకుండానే వరంగల్‌లోని అతని అన్న తన పేరుతో తెలంగాణ హైకోర్టులో రిట్ వేశాడు. అమెరికాలోని ఓ తెలుగు సంఘం మరో రిట్ వేసింది. కేంద్రం, పాస్‌పోర్టు అధికారితో పాటు భార్యనూ మామగారినీ ప్రతివాదులుగా చేర్చి, నగలు ఇప్పించాలని కూడా కోరారు. ఈ రిట్లు నిలుస్తాయా?

మొదటి ప్రశ్న: ఎవరిమీద? రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టు ప్రభుత్వాన్నే కాదు, ప్రజా విధి నిర్వహించే ఇతర సంస్థలనూ ఆదేశించగలదు. ఆ విధికి సంబంధించినంత వరకే అది సాధ్యం. పాస్‌పోర్టు అధికారి 1967 పాస్‌పోర్టుల చట్టం కింద పనిచేసే అధికారి కాబట్టి ఆయన విషయంలో సందేహం లేదు. నగల తగాదా మాత్రం ఇద్దరు వ్యక్తుల మధ్యది. దానికి కుటుంబ కోర్టో సివిల్ కోర్టో దారి. ఆ కోరికను హైకోర్టు పక్కన పెడుతుంది. ఒకప్పుడు ప్రభుత్వ సంస్థ అయినంత మాత్రాన కూడా సరిపోదు. ఎయిర్ ఇండియా 2022 జనవరిలో టాటాల చేతికి వెళ్లింది. ఆ తర్వాత దానిపై ఉద్యోగుల రిట్లు నిలవవని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. రిట్ వేసినప్పుడు అది ప్రభుత్వ సంస్థే అయినా, విచారణకు వచ్చేసరికి కాకుండా పోయింది.

రెండో ప్రశ్న: ఎవరు వేశారు? హక్కు ఎవరిదో అడగాల్సింది వాళ్లే. 1976లో జస్‌భాయ్ దేశాయ్ కేసులో ఒక సినిమా హాలు యజమాని, పోటీ హాలుకు ఇచ్చిన అనుమతిని సవాలు చేశాడు. వ్యాపారం తగ్గుతుందన్న బెంగ చట్టం దృష్టిలో గాయం కాదని సుప్రీంకోర్టు అతణ్ని తిప్పి పంపింది. మన ప్రశ్నలో అన్న బాధ నిజమే గానీ పాస్‌పోర్టు అతనిది కాదు. సంఘం పరిస్థితీ అంతే. పేదరికం వల్లో నిస్సహాయత వల్లో కోర్టుకు రాలేనివారి తరఫున ఇతరులు రావచ్చని 1981లో ఎస్పీ గుప్తా కేసు తలుపు తెరిచింది. హ్యూస్టన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న యువకుడికి అది వర్తించదు. మనిషినే అక్రమంగా నిర్బంధిస్తే, ఆ హెబియస్ కార్పస్ పిటిషన్ మాత్రం బంధువులూ వేయవచ్చు.

కాబట్టి రిట్ ఆ యువకుడి పేరునే ఉండాలి. అందుకు అతను విమానం ఎక్కనక్కర్లేదు. అఫిడవిట్‌పై భారత కాన్సులేట్ అధికారి ముందు ప్రమాణం చేసి పంపవచ్చు. లేదా అన్నకు పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వవచ్చు. అప్పుడు అన్న సంతకం చేసినా పిటిషనర్ తమ్ముడే. నా ఉద్దేశంలో మనవాళ్ల రిట్లలో అందరికంటే తేలికగా తప్పించగల లోపం ఇదే.

ఇక్కడి పౌరసత్వం తీసుకున్న ఓసీఐ కార్డుదారులు ‘మాకు రిట్ హక్కు ఉందా’ అని అడుగుతుంటారు. ఉంది. 19వ అధికరణలోని స్వేచ్ఛలు పౌరులకే పరిమితం. సమానత్వాన్ని చెప్పే 14, జీవితాన్ని, వ్యక్తి స్వేచ్ఛను కాపాడే 21, ఆస్తిని చట్టబద్ధంగా తప్ప లాక్కోకూడదనే 300ఎ మాత్రం ‘వ్యక్తి’ అనే మాటనే వాడాయి. ఊళ్లో ఇంటిని మున్సిపాలిటీ నోటీసు లేకుండా కూల్చబోతే ఓసీఐ యజమాని పిటిషన్‌లో 19 రాయకూడదు, 14, 300ఎ రాయాలి.

మూడోది అసలు ప్రశ్న: వేరే దారి ఉండగా ఇక్కడికెందుకు? పాస్‌పోర్టుల చట్టం 11వ సెక్షన్ అప్పీలుకు అవకాశం ఇచ్చింది. విద్యార్థులు చాలామంది ఇక్కడే ‘కాబట్టి రిట్ విచారణార్హం కాదు’ అని రాసి ముగిస్తారు. నేను మార్కులు తగ్గించేది అక్కడే. అప్పీలు ఉంటే హైకోర్టు అధికారం పోదు, దాన్ని వాడకుండా కోర్టు సాధారణంగా సంయమనం పాటిస్తుంది. ఈ తేడాను 2023లో గోద్రెజ్ సారా లీ కేసులో సుప్రీంకోర్టు మరోసారి విడమరచి చెప్పింది. సంయమనం అవసరం లేని సందర్భాలను 1998 నాటి వర్ల్‌పూల్ తీర్పు చెప్పింది. ప్రాథమిక హక్కు అమలు కోరినా, సహజ న్యాయసూత్రాలను ఉల్లంఘించినా, అధికార పరిధి లేకుండా చర్య తీసుకున్నా, చట్టం చెల్లుబాటునే సవాలు చేసినా కోర్టు నేరుగా వినవచ్చు.

మన యువకుడి బలం ఇక్కడుంది. పదో సెక్షన్ క్రిమినల్ కేసు ఉంటే ఇంపౌండ్ ‘చేయవచ్చు’ అంది, ‘చేయాలి’ అనలేదు. చేయవచ్చు అన్నప్పుడు ఎదుటివాడి మాట వినాలి, కారణం రాయాలి. మేనకా గాంధీ కేసులో 1978లో సుప్రీంకోర్టు పాస్‌పోర్టు విషయంలోనే ఈ సూత్రాన్ని స్థిరపరిచింది. కనుక పిటిషన్‌లో మొదటి పేరా ‘నోటీసు ఇవ్వలేదు’ అన్నదే కావాలి. మనవాళ్లు పది పేజీలు భార్య పెట్టిన కేసు అబద్ధమని రాసి, నోటీసు సంగతి చివర్లో ఒక ముక్క వేస్తారు. సాక్షుల్ని పిలిచి నిజానిజాలు తేల్చే పని రిట్‌లో జరగదు. అలా రాస్తే ‘వెళ్లి అప్పీలు చేసుకోండి’ అనడానికి మనమే వీలు కల్పించినట్టు.

గెలిస్తే ఏమొస్తుందో కూడా తెలిసి ఉండాలి. చాలాసార్లు కోర్టు ఉత్తర్వును కొట్టేసి, నోటీసిచ్చి మళ్లీ నిర్ణయించమని అధికారికే పంపుతుంది. కేసు కొట్టేయదు. మేనకా గాంధీ కేసులోనూ ప్రభుత్వం ఆమె వాదన వింటానని హామీ ఇచ్చాక కోర్టు వేరే ఉత్తర్వు ఇవ్వకుండానే ముగించింది.

అందుకే నేను చెప్పేది: రిట్ వేయదలిస్తే అప్పీలు గడువు లోపలే వేయండి. కోర్టు అప్పీలుకు పంపితే, రిట్‌లో గడిచిన రోజుల్ని లెక్కలోంచి మినహాయించమని అక్కడే అడగండి. గడువు దాటాక రిట్ వేసి ‘అప్పీలు చేసే వీల్లేదు’ అంటే, ఆ వీల్లేనితనం మీరు తెచ్చుకున్నదే అని కోర్టు అనవచ్చు. హైకోర్టులకూ ఒక విన్నపం. పాస్‌పోర్టు లేని మనిషి ఇక్కడ వీసా పొడిగించుకోలేడు, తండ్రి పోయినా ఊరికి చేరడం గగనమే. నోటీసు లేదని కాగితం మీదే కనిపిస్తున్నప్పుడు అతణ్ని అప్పీలుకు పంపడం సంయమనం కాదు, ఆలస్యం మాత్రమే.