అమ్మ బాబోయ్ లాంటి మాట

శ్రీకర్‌కి జర్మన్ రాదని చెప్పడం కుదరదు. వచ్చని చెప్పడమూ కుదరదు. తెనాలి నుంచి బయల్దేరే ముందు హైదరాబాద్‌లో మూణ్ణెల్లు క్లాసులకెళ్లాడు. స్టుట్‌గార్ట్‌లో చదివే ఎమ్మెస్ కోర్సు ఇంగ్లిష్‌లోనే కాబట్టి అంతకు మించి అవసరమూ పడలేదు. బేకరీలో రొట్టె కొనుక్కోగలడు. రైలు ఆలస్యమైతే ఎంతసేపో అడగ్గలడు. పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడితే అర్థమవుతుంది.

చిక్కంతా పుస్తకంలో ఉన్నట్టు ఎవరూ మాట్లాడకపోవడమే. అది ష్వాబియా ప్రాంతం. అక్కడివాళ్ల జర్మన్‌కీ పుస్తకాల జర్మన్‌కీ మధ్య మన శ్రీకాకుళం యాసకీ వార్తల తెలుగుకీ ఉన్నంత దూరం ఉంటుంది. 'ఇష్' అనాల్సిన చోట 'ఇ' అంటారు. 'మిష్' అనాల్సిన చోట 'మి' అంటారు. ప్రతి మాట చివరా 'లె' తగిలించి ముద్దు చేస్తారు. ఇల్లు 'హౌస్' అయితే వాళ్లకది 'హోయ్‌స్లె'.

క్లాసులో ఆ ఊరి కుర్రాళ్లు అయిదారుగురున్నారు. వాళ్లలో యోనాస్ శ్రీకర్‌కి ల్యాబ్‌లో జోడీ. ఓ రోజు ఇద్దరూ ఉక్కు కడ్డీని మెషీన్‌లో బిగించి లాగుతున్నారు. కడ్డీ సాగింది, నడుం దగ్గర సన్నబడింది, ఠప్పున తెగింది. ఆ చప్పుడుకి శ్రీకర్ ఉలిక్కిపడ్డాడు. యోనాస్ కళ్లు పెద్దవి చేసి ఏదో అన్నాడు. "లెక్ మి అమ్ ఆష్!"

ఆ మాట తర్వాత చాలాసార్లు వినపడింది. క్యాంటీన్‌లో ఎవరో కొత్త బైకు ఫొటో చూపిస్తే అన్నారు. పరీక్షలో ఒకడికి ఎవరూ ఊహించని మార్కులొస్తే అన్నారు. ఎప్పుడన్నా నవ్వుతూనే అన్నారు, ఎవరూ కోపగించుకోలేదు. శ్రీకర్ లెక్క తేల్చుకున్నాడు. ఇది మన 'అమ్మ బాబోయ్' లాంటిది. ఆ ధైర్యంతో ఒకసారి తనూ అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. ఒకడు భుజం తట్టాడు. ఇంకొకడు "మళ్లీ అను" అన్నాడు. ఆ రోజు నుంచి వాళ్లలో ఒకడైపోయినట్టనిపించింది.

అర్థం వెతకలేదా అంటే వెతికాడు. కానీ చెవికి అదంతా ఒకే మాటలా వినపడింది. విన్నది విన్నట్టు ఫోన్‌లో కొడితే ఏమీ దొరకలేదు. యాసలో నలిగిన మాట నిఘంటువులో ఎందుకుంటుంది? తనకి తెలిసిన ఒక మాట మాత్రం దానికి దగ్గరగా తోచింది. 'లెకర్' అంటే రుచిగా ఉందని. హైదరాబాద్ క్లాసులో మొదటివారమే నేర్పారు. 'లెకర్'లోని 'లెక్' ఇదే అయ్యుంటుంది, అంటే ఆశ్చర్యంతోపాటు మెచ్చుకోలు కూడా ఉందన్నమాట, అనుకున్నాడు.

శ్రీకర్ ఉండే ఇంటి యజమానురాలికి డెబ్భై ఎనిమిదేళ్లు. భర్త పోయి చాలా కాలమైంది. కింద ఆవిడ, పైన రెండు గదుల్లో శ్రీకరూ మరో విద్యార్థీ. మనసులో ఆవిణ్ణి మామ్మగారనే అనుకునేవాడు. ఆ ప్రాంతంలో 'కేర్‌వోఖె' అని ఓ ఆచారం ఉంది. మెట్లూ గుమ్మం ముందూ ఊడ్చే పని ఇంట్లోవాళ్లకి వారానికొకరి వంతు. ఎవరి వంతొస్తే వాళ్ల తలుపుకి ఓ చిన్న పలక వేలాడుతుంది. మొదటిసారి శ్రీకర్ పైపైన ఊడిస్తే, ఆవిడే చీపురు తీసుకుని మెట్టు మూలల్లోంచి ఎలా లాగాలో చూపించింది. రెండోసారి శుభ్రంగా చేశాడు. అప్పట్నుంచి 'బ్యూబ్లె' అని పిలిచేది. అంటే 'బుజ్జి అబ్బాయ్' అని. జర్మన్‌లోనూ మనకున్నట్టే 'నువ్వు', 'మీరు' వేరు. 'దూ' అంటే నువ్వు, 'జీ' అంటే మీరు. ఆవిడ అతణ్ణి 'దూ' అనేది, అతను ఆవిణ్ణి 'జీ' అనేవాడు. మామ్మా మనవడూ మాట్లాడుకున్నట్టే.

సెప్టెంబర్ చివర, ఆల్‌బుఖరా లాంటి నీలం పళ్లు చెట్ల నిండా కాసే రోజులు. ఆవిడ వాటితో కేకు చేసి, వేడిగా ఓ ముక్క పళ్లెంలో పెట్టుకుని పైకి తెచ్చింది. ఇంటి నుంచి వచ్చాక అంత ప్రేమగా ఎవరూ చేతికిచ్చింది లేదు. శ్రీకర్ ఓ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పులుపు, తీపి, వెన్న. "ఎలా ఉంది?" అందావిడ. మామూలుగా 'లెకర్' అంటే సరిపోయేది. ఇంత బావుంటే మామూలు మాట చాలదనుకున్నాడు. ఆవిడ కళ్లలోకి చూసి, మనస్ఫూర్తిగా, యాస కూడా చక్కగా పలికి అనేశాడు.

"లెక్ మి అమ్ ఆష్!"

ఆవిడ ముఖంలో నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది. ఓ క్షణం చూసింది. ఏమీ అనకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది. కింద తలుపు మూసుకున్న చప్పుడు వినపడింది.

బాగా పలకలేదేమో అనుకున్నాడు శ్రీకర్.

మర్నాడు మెట్ల దగ్గర ఎదురైతే ఆవిడ "గూటెన్ టాగ్" అని పక్కకి తప్పుకుంది. బ్యూబ్లె లేదు. మూడో రోజు అతని తలుపు కింద ఓ కాగితం కనపడింది. ఈ నెల కరెంటు లెక్క గురించి నాలుగు మాటలు. అందులో అతను 'దూ' కాదు, 'జీ' అయ్యాడు. చిన్నప్పుడు అమ్మకి కోపమొస్తే 'అయ్యా, తమరు భోంచేస్తారా' అనడం గుర్తొచ్చి శ్రీకర్‌కి కడుపులో తిప్పినట్టయింది. ఆ వారాంతంలోనే పక్క గది కుర్రాడు చెప్పాడు, జనవరి నుంచి ఒక గదే అద్దెకిస్తానంటోందట. ఆ ఊళ్లో విద్యార్థికి గది దొరకడం సీటు దొరకడం కన్నా కష్టం.

సోమవారం ల్యాబ్‌లో యోనాస్‌కి జరిగింది చెప్పాడు. కేకు దగ్గరికొచ్చేసరికి యోనాస్ చేతిలో స్పానర్ బల్ల మీద పెట్టేశాడు.

"ఎవరితో అన్నావ్?"

"మా ఇంటావిడతో."

"మొహం మీదే?"

యోనాస్ ముఖం ఎర్రబడింది. తర్వాత మెల్లిగా ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. 'లెక్' అంటే నాకు. 'మి' అంటే నన్ను. 'ఆష్' అంటే కూర్చునే భాగం. తన వెనకభాగం నాకమని ఎదుటి మనిషికి చెప్పడం. లెకర్ అనే మాట పుట్టింది కూడా ఈ నాకడంలోంచే కాబట్టి శ్రీకర్ ఊహ పూర్తిగా తప్పు కాదు, అక్కరకి రాలేదంతే.

"మరి మీరంతా నవ్వుతూ అంటారుగా!"

"మేం కడ్డీని చూసి అంటాం, బైకుని చూసి అంటాం. గాల్లోకి అంటే ఆశ్చర్యం. మనిషి కళ్లలోకి చూసి అంటే తిట్టు. పైగా 'లెక్' అన్నది 'దూ' అనేవాళ్లతో వాడే మాట. అంటే నువ్వు ఆవిణ్ణి ఏకవచనంతో కూడా పిలిచావు."

ఆ మాటకి చాలా చరిత్ర ఉందని కూడా చెప్పాడు. గోథె 1773లో అచ్చు వేయించిన 'గోట్స్' నాటకంలో వీరుడు కిటికీలోంచి శత్రువుకి పంపే కబురు ఇదేనట. మొజార్ట్ 1782లో దీనికి బాణీ కట్టి స్నేహితుల కోసం పాటే రాశాడట. అతను పోయాక ప్రచురణకర్తలు మాటలు మార్చి, సంతోషంగా ఉందాం రండి అన్నట్టు అచ్చేశారట. అలాగని మనిషిని పట్టుకుని అంటే, అక్కడి శిక్షాస్మృతి 185వ సెక్షన్ కింద అవమానించినట్టు కేసు పెట్టొచ్చు.

శ్రీకర్‌కి ఒళ్లు మండింది. "నేను మొదటిసారి అన్నప్పుడే చెప్పొచ్చు కదా! అందరూ నవ్వారే గాని ఒక్కడైనా చెప్పాడా?"

యోనాస్ తల దించుకున్నాడు. "నీ నోట్లోంచి వింటే సరదాగా ఉండింది. ఎక్కడో అంటావని అనుకోలేదు." కాసేపాగి అడిగాడు. "అవునూ, నువ్వు నాకు నేర్పిన మాట ఉందే... 'నీ యబ్బ'. దానర్థం నిజంగా 'సూపర్' అనేనా?"

శ్రీకర్ నోట మాట రాలేదు.

పోయిన నెల యోనాసే సరదాపడి తెలుగులో ఏదైనా నేర్పమన్నాడు. హాస్టల్లో అందరూ అనుకునేదే కదా అని శ్రీకర్ ఆ మాట నేర్పాడు. మ్యాచ్‌లో సిక్సర్ కొడితే అంటాం, బిర్యానీ అదిరితే అంటాం, అర్థం సూపర్ అని చెప్పాడు. యోనాస్ రోజూ సాధన చేస్తున్నాడు. దసరాకి శ్రీకర్ వాళ్ల నాన్నతో వీడియో కాల్‌లో మాట్లాడతానని, అప్పుడు అంటానని దాచి ఉంచుకున్నాడు.

"అది మీ నాన్నతో అనకూడదా?" అన్నాడు యోనాస్.

"మా నాన్నతో అస్సలు అనకూడదు. అందులో ఉన్నదే నాన్న."

ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరికీ వెంటనే నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం శ్రీకర్ నాలుగు వాక్యాలు కాగితం మీద రాసుకుని, యోనాస్‌తో దిద్దించుకుని, కింద తలుపు తట్టాడు. కడిగిన కేకు పళ్లెం చేతిలో ఉంది. క్షమించమన్నాడు. ఆ మాటకి అర్థం తెలియదన్నాడు. 'ఎంత బావుందో' అని చెప్పాలనుకున్నానన్నాడు. ప్రతి వాక్యంలోనూ 'జీ' అన్నాడు.

ఆవిడ వింది. "ఎవరు నేర్పారు?" అంది.

"ఎవరూ నేర్పలేదు. విని నేర్చుకున్నాను."

ఆవిడ లోపలికి రమ్మంది. కుర్చీ చూపించింది. గోడ మీదున్న భర్త ఫొటో వంక చూస్తూ, 1992లో వి.ఎఫ్.బి. స్టుట్‌గార్ట్ లీగ్ గెలిచిన రోజు చెప్పింది. ఆఖరి మ్యాచ్, 86వ నిమిషంలో బూఖ్‌వాల్ట్ తలతో గోల్ కొట్టాడు. ఆయన సోఫాలోంచి లేచి అరిచింది ఈ మాటేనట. ఆవిడా అరిచిందట.

"ఎన్నో ఏళ్లు కాపురం చేశాక ఆ గదిలో అన్నాం. నువ్వు వచ్చి ఏడాది కాలేదు" అంది. తర్వాత పళ్లెం తీసుకుని, అది సరిగ్గా కడిగాడో లేదో వెలుతురులో తిప్పి చూసి అంది. "ఇంకో ముక్క ఉంది. తింటావా, బ్యూబ్లె?"

'జీ' పోయి మళ్లీ 'దూ' వచ్చింది. శ్రీకర్ తిన్నాడు. ఎలా ఉందని ఆవిడ అడిగితే 'లెకర్' అని ఊరుకున్నాడు.

దసరా రోజు వీడియో కాల్‌లో యోనాస్ తెరకి దగ్గరగా జరిగి, రెండు చేతులూ జోడించి, వారం పాటు సాధన చేసిన కొత్త మాట అన్నాడు. "నమస్కారమండీ."

అవతల నాన్నగారు పొంగిపోయారు. "చక్కటి తెలుగు నేర్పావురా! ఇంకేం వచ్చు అతనికి?"

"ఇంకేం రాదు నాన్నా" అన్నాడు శ్రీకర్ గబుక్కున.